ఇక్కడ రాత్రి పదిన్నర, అక్కడ సాయంత్రం ఏడు

మా వీడియో కాల్‌లో తీసిన ఈ స్క్రీన్‌షాట్‌లో ఎక్కువ చోటు ఆక్రమించింది ఒక మామిడి ముక్క. దాని వెనుక సగమే కనిపిస్తున్న ముఖం మా ఆవిడది. పై మూలన చిన్న గడిలో తెల్లటి తలటోపీ పెట్టుకుని, కళ్లు సగం మూసుకుని ఉన్నవాణ్ని నేను. నేను నిద్రపోవడం లేదు. సరిగ్గా నా రెప్ప వాలిన క్షణంలో ఆమె బొత్తాం నొక్కింది, అంతే. ఇద్దరమూ చక్కగా నవ్వుతూ ఉన్న చిత్రాలు కొన్ని ఉన్నా, వాటిలో మేము కెమెరా కోసం కూర్చున్నట్టు ఉంటాం. ఇందులో మాత్రం ఎవరి పనిలో వాళ్లం ఉన్నాం. అందుకే ఆమెను అడిగి మరీ దీన్ని పెడుతున్నాను. నా ముఖం ఉన్న గడిని కత్తిరించకూడదన్నది ఆమె పెట్టిన ఒకే ఒక షరతు.

తెలియనివారి కోసం చెబుతున్నాను. నేను చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో నాణ్యత పరీక్షల విభాగంలో పనిచేస్తున్నాను. ఆమె జర్మనీలోని హాంబర్గ్‌లో వాతావరణ శాస్త్రంలో పరిశోధన చేస్తోంది. తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో గాదంకి దగ్గర ఉన్న రాడార్ సంగతి ఈ ప్రాంతంవాళ్లకు తెలిసే ఉంటుంది. వెయ్యికి పైగా యాంటెనాలు నేల మీద వరుసలు తీరి, 53 మెగాహెర్ట్జ్ తరంగాలను ఆకాశంలోకి పంపి, తిరిగివచ్చే బలహీనమైన ప్రతిధ్వనుల నుంచి పైగాలుల వేగాన్ని లెక్కగడతాయి. గాలుల మీద ఆమె ఆసక్తి అక్కడి సమాచారంతో చేసిన చదువులోనే మొదలైంది. ఆ ఆసక్తే ఆమెను హాంబర్గ్ దాకా తీసుకువెళ్లింది. వెళ్లమని నేను అనుమతి ఇచ్చానని బంధువులలో కొందరు నన్ను మెచ్చుకుంటూ ఉంటారు. ఆమె నన్ను అనుమతి అడగలేదు, నేను ఇవ్వనూ లేదు; ఎప్పుడు వెళ్లాలి, ఇక్కడ ఇల్లు ఎలా నడవాలి అన్న విషయాలు మాత్రం ఇద్దరమూ కూర్చుని మాట్లాడుకున్నాం.

ఇక చిత్రంలోని ఆ ముక్క కథ చెప్పాలి. ఇది బెంగళూరా కాయల సీజన్. ట్రాక్టర్లు గేటు బయట రోడ్డు పొడవునా నిలబడి ఉంటాయి. రాత్రి షిఫ్టులో ప్రతి విడత గుజ్జునూ పరీక్షించి, తీపి ఎంత, పులుపు ఎంత అని పుస్తకంలో రాసి సంతకం పెట్టిన తరువాతే అది డ్రమ్ములలోకి వెళుతుంది. నేను విరామంలో బయటికి వచ్చి ఫోన్ చేసేసరికి ఆమె అంగడి నుంచి మామిడిపండు తెచ్చుకుని ఉంది. ఐవరీ కోస్ట్ నుంచి వచ్చిన పండట. ఒక చెంప ఎర్రగా, నున్నగా మెరుస్తూ, మన సంతలో ఉంటే ఎవరూ నమ్మని అందంతో ఉంది. కోసి ఒక ముక్క నోట్లో వేసుకుని, కొంతసేపు ఆలోచించి, "తీపి ఉందబ్బా, వాసనే లేదు" అంది.

అలవాటు కొద్దీ నేను పీచు ఉందా అని అడిగాను. "ఇదిగో, నువ్వే చూసుకో" అంటూ ముక్కను కెమెరాకు ఆనించినంత దగ్గరగా పెట్టింది. రసం మణికట్టు మీదుగా మోచేతి దాకా కారుతోంది. బొటనవేలి గోరు పక్కన, ఆ రోజు బోర్డు మీద సమీకరణాలు రాసిన నీలం ఇంకు మరక అలాగే ఉంది. వెనుక కిటికీలోంచి పడుతున్న ఎండకు ముక్క అంచు దీపం చిమ్నీలా వెలిగింది. పీచు లేదు. ముదిరిన కాయే కానీ చెట్టు మీద పూర్తిగా పండే అవకాశం దొరకక ఓడ ఎక్కినది అని నా అభిప్రాయం చెప్పాను. ఫొటో చూసి తీర్పు చెప్పే ఉద్యోగం కూడా మీ ఫ్యాక్టరీ వాళ్లు ఇస్తారా అని ఆమె నవ్వింది. చిత్రం అప్పటిదే.

రాత్రి పదిన్నర దాటిన తరువాత ఎండ ఏమిటని కొందరు అడగవచ్చు. హాంబర్గ్‌లో జూన్ నెలలో సూర్యుడు అస్తమించేసరికి వాళ్ల గడియారంలో రాత్రి పది కావస్తుంది; డిసెంబర్‌లో సాయంత్రం నాలుగు గంటలకే చీకటి పడుతుంది. మనకూ వాళ్లకూ మధ్య చలికాలంలో నాలుగున్నర గంటల తేడా ఉంటే, మార్చి చివరి ఆదివారం వాళ్లు గడియారాలను ముందుకు జరుపుకున్న తరువాత అది మూడున్నర గంటలు అవుతుంది. ఆ రోజు పొద్దున్నే ఆమె నుంచి "ఒక గంట దగ్గరకొచ్చినాను, చూసుకో" అని సందేశం వచ్చింది. అక్టోబర్‌లో ఆ గంటను వాళ్లు తిరిగి తీసుకుంటారు. అప్పుడు ఏమని పంపుతుందో చూడాలి.

మేము ప్రతిరోజూ మాట్లాడుకోము. సీజన్‌లో నాకు కుదరదు, ఫలితాలు తేలే రోజుల్లో ఆమెకు కుదరదు. మొదట్లోనే ఒక మాట అనుకున్నాం: ఫోన్ ఎందుకు చేయలేదని ఎవరూ ఎవరినీ అడగకూడదు, కానీ చేసినప్పుడు మాత్రం ఆ రోజు నిజంగా ఎలా గడిచిందో చెప్పాలి. అందుకే మా సంభాషణలు బయటివాళ్లకు చప్పగా ఉంటాయి. అక్కడ గాలి ఎలా ఉందని ఆమె అడుగుతుంది. అది మాట కలపడానికి అడిగే ప్రశ్న కాదు. వానకు ముందు వీచే ఈదురుగాలికి తోటల్లో ఎంత కాయ రాలిందో, దాని వల్ల మాకు వచ్చే సరుకు ఎంత మారిందో ఆమెకు నిజంగా తెలుసుకోవాలని ఉంటుంది. ఆమె లెక్కలలో నాకు సగమే అర్థమవుతుంది. ఆ సగాన్ని నేను తిరిగి చెబితే, తప్పు ఉన్న చోట ఓపికగా సరిదిద్దుతుంది. కొన్నిసార్లు ఫోన్ గోడకు ఆనించి ఆమె వంట చేసుకుంటుంది, నేను పుస్తకంలో అంకెలు నింపుతాను, చాలాసేపు ఇద్దరమూ ఏమీ మాట్లాడము. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఫోన్లు అవే.

దూరంగా ఉండడం సులువని చెప్పను. తిరుపతిలో ఇంటికి వచ్చి మేడ మీద నిలబడితే కొండ మీది ఘాట్ రోడ్డు దీపాలు వంకర్లు తిరుగుతూ కనిపిస్తాయి. పక్కన ఆమె ఉంటే బాగుండునని అనిపించే రాత్రులు ఉంటాయి. అనిపించినప్పుడు అనిపించిందని ఆమెకు చెబుతాను, ఆమెకూ అనిపిస్తే చెబుతుంది. ఆ తరువాత ఆమె పరిశోధన ఆమెకు ఉంటుంది, నా షిఫ్టు నాకు ఉంటుంది. అక్కడ ఆమె గడిపే రోజు నాకోసం ఎదురుచూపులతో నిండిపోతే నాకు సంతోషం కలగదు. కొత్త ఊరిలో తనకు తాను ఒక బజారును, ఒక బస్సు దారిని, నవ్వించే ఇద్దరు స్నేహితులను సంపాదించుకున్నదని విన్నప్పుడు నాకు గర్వంగా ఉంటుంది.

ఈ చిత్రం తీసిన కాసేపటికే లోపలి నుంచి నాకు పిలుపు వచ్చింది. శనివారం మాట్లాడుకుందామని ఆమె అంది, సరేనన్నాను. సెప్టెంబర్‌లో ఆమె ఊరికి వస్తోంది. అప్పటికి బెంగళూరా అయిపోయి ఉంటుంది కాబట్టి మా అమ్మ ఇప్పటికే ఆవకాయ జాడీని వేరుగా పెట్టి, దాని మీద ఎవరూ చేయి వేయకూడదని హెచ్చరించింది.

పలకరించాలనుకునేవారు నన్ను మధ్యవర్తిని చేయకుండా నేరుగా ఆమెకే రాయండి, సంతోషిస్తుంది. ఆ పండును ఎంతకు కొన్నదని మాత్రం మా అమ్మ చదివే చోట అడగకండి.