నీటి ఆట ప్రోగ్రామింగ్ బాధ్యతల అప్పగింత పత్రం

నల్లగొండ కార్యాలయంలోని జట్టు సభ్యులకు, ముఖ్యంగా నా స్థానంలో పని చేపట్టబోయే మీకు,

ఈ నెలాఖరుతో నేను బాధ్యతల నుంచి తప్పుకుంటున్నాను. సాగర్ ఎడమ కాలువ నీళ్లను చివరి ఆయకట్టు దాకా చేర్చే మన ఆటలో చాలా భాగాలు స్థిరంగానే ఉన్నాయి. కోడ్ చదివితే అవి మీకు అర్థమవుతాయి. పైకి బాగానే కనిపిస్తూ, చిన్న మార్పుకు కూడా ఏ ఎర్రర్ చూపకుండా దెబ్బతినే భాగాల గురించి మాత్రమే ఇక్కడ రాస్తున్నాను.

అన్నిటికన్నా సున్నితమైనది నీటి ప్రవాహం. ఒక్కో గడిలోంచి పక్క గడిలోకి వెళ్లే నీటి పరిమాణాన్ని గడిచిన సమయంతో గుణించకుండా, యూనిటీలోని ఫిక్స్‌డ్ టైమ్‌స్టెప్ 0.02 సెకన్లుగా ఉంటుందన్న లెక్క మీదే నిర్ణయించాం. చవక ఫోన్లలో ఆట వేగంగా నడవాలని ఆ విలువను ఎవరైనా 0.04కు మారిస్తే, నీరు సగం వేగంతోనే పారుతుంది, గడువులోగా చివరి మడి తడవదు, ఆ దశను ఎవరూ గెలవలేరు. సమయంతో గుణించేలా తిరగరాయడమే సరైన పద్ధతి అయినా, దశలన్నిటి గడువులనూ ఈ వేగానికే సరిచూసుకున్నాం కనుక, వాటిని మళ్లీ ఆడి సరిచేసే తీరిక దొరికేవరకు దాని జోలికి వెళ్లవద్దని నా గట్టి సలహా. గడులను ఎగువ నుంచి దిగువకు లెక్కించే వరుసను కూడా మార్చకండి. జలాశయం మట్టం 590 అడుగులకు చేరిందా అని చూసేచోట `==` వాడకూడదు. దశాంశాలు కూడుతూ పోయేకొద్దీ మట్టం సరిగ్గా 590 మీద ఆగకపోవచ్చు, అప్పుడు గేట్లు తెరుచుకోవు. అందుకే అక్కడ `>= 589.95f` అని ఉంది.

సేవ్ ఫైలులో పంట పేరును కాక దాని సంఖ్యను భద్రపరుస్తున్నాం.

```csharp
public enum Crop
{
    Vari = 0,
    Patti = 1,
    Battayi = 2
}
```

వచ్చే అప్‌డేట్‌లో కందిని చేర్చాలని అనుకున్నాం కదా. దాన్ని పత్తి తర్వాత 2గా పెట్టి బత్తాయిని 3కు జరిపితే, ఇప్పటికే ఆడుతున్నవారి బత్తాయి తోటలన్నీ ఒక్కసారిగా కంది చేలుగా మారిపోతాయి. కనుక కొత్త పంటకు ఎప్పుడూ చివరి సంఖ్యే ఇవ్వండి. తీసేసిన పంట సంఖ్యను మరో పంటకు వాడకండి. అలాగే ఆండ్రాయిడ్‌లో `OnApplicationQuit` ప్రతిసారీ అందుతుందన్న భరోసా లేదు. సేవ్ చేసే పని `OnApplicationPause`లో ఉండటానికి కారణం అదే. దాన్ని అక్కడి నుంచి కదిలించవద్దు.

తెలుగు అక్షరాల విషయంలో కొంచెం ఓపిక కావాలి. టెక్స్ట్‌మెష్ ప్రో మన ఒత్తులను, గుణింతాలను తనంతట తాను సరిగా కూర్చదు. అందువల్ల ఆటలోని ప్రతి వాక్యాన్నీ బిల్డ్‌కు ముందే హార్ఫ్‌బజ్ సాయంతో కూర్చి చిత్రాలుగా మార్చే స్క్రిప్టు ఒకటి ఉంది. షీట్‌లో ఒక్క మాట మార్చినా ఆ స్క్రిప్టును మళ్లీ నడపాలి. లేకపోతే తెర మీద పాత మాటే కనిపిస్తుంది. ఊళ్ల పేర్లలో నార్కట్‌పల్లిని ప్రత్యేకంగా చూడండి. అందులో ‘ట్’కూ ‘ప’కూ మధ్య కంటికి కనబడని U+200C అక్షరం ఒకటి ఉంటుంది. షీట్‌ను శుభ్రం చేసే ఏ పరికరమైనా దాన్ని తొలగిస్తే, ‘ప’ కిందికి దిగి ఒత్తుగా మారుతుంది. మన ప్రాంతపు పిల్లలు తమ ఊరి పేరును తప్పుగా చదవాల్సిన స్థితి రాకూడదన్నది నా కోరిక.

రోజువారీ బహుమతి యూటీసీ తేదీని బట్టి మారుతుంది కాబట్టి, మన దగ్గర కొత్త రోజు తెల్లవారుజామున 5:30కు మొదలవుతుంది. ఇది కావాలని చేసిందే.

ఎడిటర్‌లో నడిచిన ఆట ఫోన్‌లో కూడా నడుస్తుందని నమ్మకండి. విడుదల బిల్డ్‌లో, నేరుగా వాడినట్టు కనిపించని క్లాసులను యూనిటీ లింకర్ తొలగిస్తుంది. పేరును బట్టి వెతికి తెచ్చుకునే మన దశల క్లాసులు `link.xml`లో ఉన్నందువల్లే మిగులుతున్నాయి. కొత్త రకం దశ రాసిన ప్రతిసారీ అందులో ఒక వరుస చేర్చి, విడుదల బిల్డ్‌ను కార్యాలయంలోని పాత ఫోన్ మీద పెట్టి, పాత సేవ్ ఫైలుతో ఆ దశను చివరిదాకా ఆడి చూడండి.

అప్‌లోడ్ కీస్టోర్ ఫైలు ఒక ప్రతి బిల్డ్ కంప్యూటర్‌లోనూ, మరొకటి బీరువాలోని పెన్‌డ్రైవ్‌లోనూ ఉంది; పాస్‌వర్డ్ జట్టు నిర్వాహకుల వద్ద ఉంది. ఆ కీ పోతే ప్లే కన్సోల్ ద్వారా కొత్త కీ కోరవచ్చు గాని, అది ఆమోదం పొందేవరకు అప్‌డేట్లు ఆగిపోతాయి. కనుక బిల్డ్ కంప్యూటర్‌ను ఫార్మాట్ చేసే ముందు పెన్‌డ్రైవ్‌లోని ప్రతి తెరుచుకుంటోందో లేదో తప్పక చూసుకోండి.

నెలాఖరు వరకు రోజూ మధ్యాహ్నం తర్వాత మీతో కలిసి కూర్చుంటాను. ముందుగా నీటి ప్రవాహం కోడ్‌ను, ఆ తర్వాత తెలుగు స్క్రిప్టును మీ చేత్తోనే ఒకసారి నడిపిద్దాం.

ఇట్లు,
ప్రోగ్రామర్, నీటి ఆట జట్టు,
నల్లగొండ