ఆటలమ్మ వల్ల మెడిసిన్ పోస్టింగ్‌కు సెలవు కోరుతూ విభాగాధిపతి గారికి లేఖ

కావలి,
4 మార్చి 2025.

గౌరవనీయులైన జనరల్ మెడిసిన్ విభాగాధిపతి గారికి,
వైద్య కళాశాల, నెల్లూరు.

విషయం: చికెన్‌పాక్స్ వల్ల మార్చి 3 నుంచి 12 వరకు వార్డు పోస్టింగ్‌కు సెలవు, తప్పిన తొమ్మిది రోజులను సాయంత్రాల్లో పూర్తి చేసేందుకు అనుమతి కోరుతూ.

నమస్కారం సర్.

నేను ఫైనల్ ఇయర్ సి బ్యాచ్ విద్యార్థినిని. రోల్ నంబర్ 67. ఫిబ్రవరి 17 నుంచి మన విభాగం రెండో యూనిట్‌లో నాలుగు వారాల పోస్టింగ్ చేస్తున్నాను. మొన్న శనివారం సాయంత్రం ఒళ్ళునొప్పులతో జ్వరం మొదలైంది. ఎండలో తిరిగినందుకేమో అనుకుని డోలో వేసుకుని పడుకున్నాను. ఆదివారం రాత్రి స్నానం చేస్తుంటే పొట్ట మీద, వీపు మీద ఎర్రటి పొక్కులు కనబడ్డాయి. తెల్లారేసరికి కొన్నింటిలో నీరు చేరింది. ఫిబ్రవరి 16న ఇంటికి వచ్చినప్పుడు మా అక్క కొడుకును ఎత్తుకున్నాను. రెండు రోజుల తర్వాత వాడికి ఆటలమ్మ పోసిందని తెలిసింది. అప్పటికి నేను హాస్టల్‌కు వచ్చేశాను. చిన్నప్పుడు నాకు ఇది రాలేదు.

సోమవారం పొద్దున్నే ముందుగా ఫోన్ చేసి, ఓపీలో జనం చేరకముందే మాస్కు పెట్టుకుని స్కిన్ డాక్టర్ గారికి చూపించుకున్నాను. చికెన్‌పాక్స్ అనే నిర్ధారించి, ఏసైక్లోవిర్ 800 మిల్లీగ్రాములు రోజుకు ఐదుసార్లు, ఏడు రోజులు వాడమన్నారు. పెద్దవాళ్ళలో న్యుమోనియా రావచ్చు కాబట్టి దగ్గు, ఆయాసం వస్తే వెంటనే రమ్మన్నారు. ఇప్పటికైతే అలాంటివేమీ లేవు, ఆక్సిజన్ 98 ఉంది. అదే రోజు మా నాన్న కారులో ఇంటికి తీసుకొచ్చారు. సర్టిఫికెట్ నకలు జత చేస్తున్నాను.

సెలవు కంటే ముందు మీకు చెప్పవలసినది ఇంకొకటి ఉంది సర్. ఈ రెండు రోజులుగా నా టెన్షన్ అంతా దాని గురించే. పొక్కులు రావడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఇది ఇతరులకు అంటుకుంటుంది. అంటే శనివారం నేను వార్డులో ఉన్నప్పటికే నా నుంచి సోకే అవకాశం ఉంది. శుక్రవారాన్నీ వదలకుండా, ఆ రెండు రోజులు ఎవరి దగ్గర కూర్చున్నానో గుర్తు చేసుకుని రాస్తున్నాను.

మహిళల వార్డులో 14వ మంచం మీద నెఫ్రోటిక్ సిండ్రోమ్‌తో పంతొమ్మిదేళ్ళ అమ్మాయి ఉంది. ప్రెడ్నిసలోన్ వాడుతోంది. శనివారం ఆమె దగ్గర దాదాపు ముప్పావుగంట కూర్చుని హిస్టరీ తీసుకున్నాను. చీలమండ పైన బొటనవేలితో నొక్కి పట్టుకుంటే పడిన గుంట ఎంతసేపటికీ నిండలేదు. మళ్ళీ చూద్దామని రెండో కాలు కూడా నొక్కాను. ఆ అమ్మాయి నవ్వుతూ, నాకు తలనొప్పిగా ఉందా అని అడిగింది. నా ముఖం అప్పటికే అలా ఉందన్నమాట. స్టెరాయిడ్ వాడేవారిలో ఈ జబ్బు ఎంత తీవ్రంగా రావచ్చో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. ఆమెకు ఇంతకుముందు ఆటలమ్మ వచ్చిందో లేదో నేను అడగలేదు. దయచేసి ముందుగా ఆమెను చూడండి సర్.

శుక్రవారం 9, 11 మంచాల్లోని పేషెంట్లను పరీక్షించాను. ఇద్దరూ డయాబెటిస్ ఉన్న పెద్దావిడలు. శనివారం కేసు డిస్కషన్‌లో మా యూనిట్ పీజీ మేడమ్ ఒకరు నా పక్కనే గంటసేపు నిలబడ్డారు. ఆవిడకు ఇప్పుడు ఐదో నెల. సోమవారం ఉదయమే ఆవిడకూ, మా అసిస్టెంట్ ప్రొఫెసర్ గారికీ ఫోన్ చేసి విషయం చెప్పాను. చిన్నప్పుడు వచ్చిన గుర్తు లేదని, ఐజీజీ పరీక్షకు రక్తం ఇస్తానని మేడమ్ అన్నారు. రక్షణ లేదని తేలితే ఇమ్యునోగ్లోబ్యులిన్‌ను కలిసిన రోజు నుంచి పది రోజుల్లోపే ఇవ్వాలి కాబట్టి మార్చి 11 దాటకూడదు. వార్డు పేషెంట్ల విషయం ఫోన్‌లో చెప్పి వదిలేయడం ఇష్టం లేక మీకు రాతపూర్వకంగా తెలియజేస్తున్నాను. మా బ్యాచ్‌లో మిగతా తొమ్మిది మందినీ అడిగాను. ఇద్దరికి రాలేదు, టీకా కూడా వేయించుకోలేదు. వాళ్ళిద్దరూ మీ సలహా కోసం రేపు మిమ్మల్ని కలుస్తారు.

కాలేజీలో చేరినప్పుడు హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ శ్రద్ధగా వేయించుకున్నాను. ఈ టీకా సంగతి ఆలోచించలేదు. అది నా పొరపాటే.

ఇంట్లో వేరే గదిలో ఉంటున్నాను. అవ్వ గుమ్మానికి వేపమండలు కట్టింది. అమ్మవారు ఇంట్లో ఉన్నన్ని రోజులు తాలింపు పెట్టరు, బయటివాళ్ళెవరూ గడప తొక్కరు. ఐసొలేషన్ గురించి నేను ఎవరికీ నచ్చజెప్పాల్సిన పని లేకుండా పోయింది. మాత్రలు వద్దని మాత్రం అవ్వ పట్టుబట్టింది. నేను రేపు డాక్టర్‌నై ఎవరికి చెప్పినా వినాలి కదా అని అడిగితే ఒప్పుకుంది.

పొక్కులన్నీ ఎండి పెచ్చు కట్టాకే వార్డులోకి వస్తాను. 13వ తేదీ ఉదయం ముందు స్కిన్ ఓపీలో చూపించుకుని, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకుని మిమ్మల్ని కలుస్తాను. ఒక్క పొక్కు తడిగా ఉన్నా రాను, ఆ సంగతి ముందురోజే తెలియజేస్తాను.

ఆదివారాలు తీసేస్తే నాకు తప్పేది తొమ్మిది రోజులు. నాలుగు వారాల పోస్టింగ్‌లో ఇది మూడో వంతు కన్నా ఎక్కువ. క్లినికల్‌లో 80 శాతం హాజరు ఉండాలన్న నిబంధన నాకు తెలుసు. హాజరు కలపమని అడగడం లేదు సర్, ఆ రోజులు పని చేసే అవకాశం ఇవ్వమని అడుగుతున్నాను. 17 నుంచి మా బ్యాచ్‌కు ఉదయం సర్జరీ, మధ్యాహ్నం థియరీ క్లాసులు ఉంటాయి. మన యూనిట్ అడ్మిషన్ రోజులు మంగళ, శుక్రవారాలు. మార్చి 18 నుంచి ఏప్రిల్ 15 వరకు ఆ రోజుల్లో సాయంత్రం 5 నుంచి 8 వరకు వార్డులో ఉంటాను. లెక్క వేస్తే సరిగ్గా తొమ్మిది సాయంత్రాలు వస్తాయి. అడ్మిషన్ రోజు కాబట్టి కొత్త కేసులు దొరుకుతాయి, డ్యూటీ పీజీ గారు ఉంటారు. ప్రతిసారీ ఆయన సంతకం తీసుకుని, నెలాఖరున ఒకసారి, చివర్లో ఒకసారి మీకు చూపిస్తాను.

నాకు తప్పుతున్నది ముఖ్యంగా పొట్ట, నాడీవ్యవస్థ పరీక్షలు. ఎసైటిస్ కేసు 6వ తేదీన నేను ప్రజెంట్ చేయాలి. నా స్నేహితురాలు తన 13వ తేదీ నాకిచ్చి, తను 6న చేస్తానంది. మీరు సరే అంటేనే. ఏ కారణం వల్లయినా నేను 13న రాలేకపోతే మొదటి సాయంత్రమే ప్రజెంట్ చేస్తాను. షిఫ్టింగ్ డల్‌నెస్ పుస్తకంలో చదివితే వచ్చేది కాదు, కనీసం ముగ్గురు పేషెంట్లలో నా చేత్తో చూడాలనుకుంటున్నాను. పక్షవాతం కేసులు రెండు, స్వయంగా తీసిన ఈసీజీలు ఐదు లాగ్‌బుక్‌లో మిగిలి ఉన్నాయి. ఇంట్లో ఉన్నన్ని రోజులు థియరీ చదువుతాను గానీ, నేను చూడని పేషెంటును రికార్డులో రాయను.

15వ తేదీ ఎండ్ పోస్టింగ్ పరీక్షను ఏప్రిల్ 15 తర్వాత మీకు వీలైన రోజు రాయనివ్వగలరని మనవి.

14వ మంచం అమ్మాయి ఎలా ఉందో మా సీఆర్‌కు చెప్పించగలిగితే మీకు రుణపడి ఉంటాను.

ఇట్లు
మీ విద్యార్థిని,
ఎం. శ్రావణి
ఫైనల్ ఇయర్, సి బ్యాచ్, రోల్ నంబర్ 67

జత: స్కిన్ ఓపీ చీటీ, మెడికల్ సర్టిఫికెట్ నకళ్ళు.