ఎనిమిది లెవెళ్లతో హిస్టోగ్రామ్ స్పెసిఫికేషన్: చేత్తో వేసిన లెక్క

ఒకే వస్తువును రెండుసార్లు ఫొటో తీశాం అనుకోండి. మొదటిసారి వెలుతురు బాగుంది, రెండోసారి చాల్లేదు. రెండూ పక్కపక్కన పెట్టి పోల్చాలంటే చీకటి ఫొటోను వెలుగు ఫొటో తీరులోకి తేవాలి. మామూలు ఈక్వలైజేషన్ ఇక్కడ పనికిరాదు. అది ఏ బొమ్మనైనా పిక్సెళ్లు అన్ని గ్రే లెవెళ్లలో, అంటే చీకటి నుంచి వెలుగు దాకా ఉన్న మెట్లన్నిటిలో, సమంగా పరుచుకునేలా లాగుతుంది. మనకు కావలసింది సమంగా పరచడం కాదు, బొమ్మ హిస్టోగ్రామ్‌ను, అంటే ఏ లెవెల్‌లో ఎన్ని పిక్సెళ్లున్నాయో చెప్పే లెక్కను, మనం చూపించిన ఆకారంలోకి తేవడం. హిస్టోగ్రామ్ స్పెసిఫికేషన్ చేసేది అదే. హిస్టోగ్రామ్ మ్యాచింగ్ అన్నా ఇదే.

సూత్రాల జోలికి పోకముందు ఒక ఊహ. బొమ్మలోని పిక్సెళ్లన్నిటినీ అతి చీకటిదాని నుంచి అతి వెలుగుదాని వరకు ఒక వరసలో నిలబెట్టండి. కావలసిన బొమ్మ పిక్సెళ్లనూ అలాగే పక్కన నిలబెట్టండి. మన వరసలో 36వ స్థానంలో ఉన్న పిక్సెల్‌కు, అవతలి వరసలో 36వ స్థానంలో ఉన్నదాని గ్రే లెవెల్ ఇచ్చేయడమే. పద్ధతి మొత్తం ఇంతే. ఒక్కో లెవెల్ దాకా పిక్సెళ్లను కూడుకుంటూ పోతే వచ్చే క్యుములేటివ్ మొత్తాలు వరసలో స్థానం చెప్పే లెక్కలు మాత్రమే.

ఇప్పుడు లెక్క. బొమ్మ 10 × 10, అంటే 100 పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్‌కు 3 బిట్లు, కాబట్టి లెవెళ్లు 0 నుంచి 7 వరకు: 0 అతి చీకటి, 7 అతి వెలుగు. 100 ఎంచుకున్నది బద్ధకంతోనే: పిక్సెళ్ల లెక్కే శాతం కూడా అవుతుంది.

| లెవెల్ | మన బొమ్మ | కూడిక S | కావలసినది | కూడిక G |
|---|---|---|---|---|
| 0 | 14 | 14 | 0 | 0 |
| 1 | 22 | 36 | 0 | 0 |
| 2 | 26 | 62 | 5 | 5 |
| 3 | 18 | 80 | 10 | 15 |
| 4 | 10 | 90 | 20 | 35 |
| 5 | 6 | 96 | 30 | 65 |
| 6 | 3 | 99 | 25 | 90 |
| 7 | 1 | 100 | 10 | 100 |

మన బొమ్మ చీకటివైపు కుంగిపోయి ఉంది. 80 పిక్సెళ్లు 3వ లెవెల్‌లోనో అంతకంటే కిందో ఉన్నాయి. కావలసినదాని శిఖరం 5 దగ్గర ఉంది, 0, 1 లెవెళ్లలో అసలు పిక్సెళ్లే లేవు.

చాలాచోట్ల నేర్పే పద్ధతిలో ఈ కూడికలను 100తో భాగించి, 7తో గుణించి, దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తారు. మన బొమ్మకు 0.98, 2.52, 4.34, 5.60, 6.30, 6.72, 6.93, 7 వస్తాయి. సవరిస్తే 1, 3, 4, 6, 6, 7, 7, 7. కావలసినదానికి 0, 0, 0.35, 1.05, 2.45, 4.55, 6.30, 7 వస్తాయి. సవరిస్తే 0, 0, 0, 1, 2, 5, 6, 7.

ఇక ఒక్కో లెవెల్ తీసుకుని, దాని S విలువకు అతి దగ్గరగా ఉన్న G ఎక్కడుందో వెతకాలి. లెవెల్ 0కి 1 వచ్చింది. G వరసలో 1 ఉన్నది 3 దగ్గర. కాబట్టి 0 → 3. లెవెల్ 1కి వచ్చింది 3, కానీ G వరసలో 3 లేదు. 2 ఉంది, 5 ఉంది. 2 దగ్గర కాబట్టి 1 → 4. లెవెల్ 2కి వచ్చిన 4 కూడా G వరసలో లేదు. దానికి 5 దగ్గర, కాబట్టి 2 → 5. మిగతావి సులువు: 3, 4 రెండూ 6కి వెళ్తాయి, 5, 6, 7 మూడూ 7కి.

లెవెల్ 1 దగ్గర కాస్త ఆగండి. అసలు కూడికలు 36, 35. దాదాపు ఒకటే. కానీ 2.52ను 3కి, 2.45ను 2కి సవరించేసరికి పక్కపక్కనున్న రెండు విలువల మధ్య ఒక మెట్టు తేడా పుట్టింది. ఈసారి అదృష్టం బాగుండి జవాబు చెడలేదు. నా మటుకు నేను 7తో గుణించడం, సవరించడం మానేసి కూడికలనే నేరుగా పోలుస్తాను: 14కి దగ్గర 15, 36కి దగ్గర 35, 62కి దగ్గర 65, 80కి దగ్గర 90. వచ్చే జతలు అవే, పని సగం.

సవరణతో ఇంకో చిక్కు కూడా ఉంది. G వరసలో మొదటి మూడూ 0 అయిపోయాయి చూశారా? ఏదైనా లెవెల్‌కు S విలువ 0 వచ్చి ఉంటే ఈ మూడింటిలో దేన్ని తీసుకోవాలి? అన్నిటికంటే చిన్నది తీసుకోమని వాడుక. అలా చేస్తే ఒక్క పిక్సెల్ కూడా వద్దన్న 0వ లెవెల్‌లోకే పిక్సెళ్లను తోసినట్టవుతుంది. సవరించకుండా ఉంచితే 5 విడిగా కనబడుతుంది, ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది.

కొత్త బొమ్మ లెక్క:

| లెవెల్ | కావలసినది | వచ్చింది |
|---|---|---|
| 2 | 5 | 0 |
| 3 | 10 | 14 |
| 4 | 20 | 22 |
| 5 | 30 | 26 |
| 6 | 25 | 28 |
| 7 | 10 | 10 |

0, 1 లెవెళ్లు రెండుచోట్లా ఖాళీ. సగటు లెవెల్ మన బొమ్మలో 2.23 ఉండేది, ఇప్పుడు 4.98కి వచ్చింది. కావలసినది 4.90.

అచ్చు గుద్దినట్టు రాలేదేం అంటే, ఒకే లెవెల్‌లో ఉన్న పిక్సెళ్లను ఈ పద్ధతి విడదీయదు. మన 0వ లెవెల్‌లో 14 పిక్సెళ్లున్నాయి. కావలసినదేమో 2లో 5, 3లో 10 అడుగుతోంది. ఆ 14లో ఏ 5ను వెనక్కి పంపాలో చెప్పే ఆధారం లెవెల్‌లో లేదు. అందుకే మొత్తం గుంపు 3కి వెళ్లింది, 2 ఖాళీగా మిగిలింది. చుట్టుపక్కల పిక్సెళ్ల సగటు చూసి గుంపును విడదీసే పద్ధతులు ఉన్నాయి, కానీ అది వేరే కథ. 256 లెవెళ్ల మామూలు ఫొటోలో గుంపులు చిన్నవి కాబట్టి తేడా ఇంత కొట్టొచ్చినట్టు కనబడదు.

కొన్నిచోట్ల ‘అతి దగ్గరది’ బదులు ‘S కంటే తగ్గని మొదటి G’ అనే నియమం వాడతారు. రాయడానికి అదే తేలిక. మన లెక్కలో ఏమవుతుందో చూడండి: 36కి 35 చాలదు, ఒక్కటి తక్కువ. దాంతో 22 పిక్సెళ్ల గుంపు 65 దాకా, అంటే 5వ లెవెల్‌కు ఎగిరిపోతుంది. 4 ఖాళీ, 5లో 48. దగ్గరి విలువ పద్ధతిలో 100కి 9 పిక్సెళ్లే తప్పు చోట ఉంటే, ఇందులో 25 ఉంటాయి. ఒక్క పిక్సెల్ తేడాకు ఇంత శిక్ష!

కోడ్‌లో రాస్తే:

```python
import numpy as np
h = np.array([14, 22, 26, 18, 10, 6, 3, 1])
t = np.array([0, 0, 5, 10, 20, 30, 25, 10])
S, G = np.cumsum(h), np.cumsum(t)
m = np.array([np.abs(G - s).argmin() for s in S])
print(m)   # [3 4 5 6 6 7 7 7]
```

బొమ్మ `img` అనే అర్రేలో ఉంటే `m[img]` అంటే చాలు, కొత్త బొమ్మ వచ్చేస్తుంది. ఇక్కడ `h`, `t` మొత్తాలు రెండూ 100 కాబట్టి సరిపోయింది. రెండు బొమ్మల సైజులు వేరైతే మాత్రం `S`, `G`లను ముందు వాటి వాటి మొత్తాలతో భాగించాలి. అది మర్చిపోతే ఎర్రర్ ఏమీ రాదు, బొమ్మ మాత్రం మొత్తంగా తెల్లబడో నల్లబడో వస్తుంది.