పదో తరగతి మ్యాథ్స్ చెక్‌లిస్ట్: మార్కులు, నీ కాన్ఫిడెన్స్‌తో సహా

తమ్ముడూ, నువ్వు పంపిన సీబీఎస్‌ఈ సిలబస్ పీడీఎఫ్‌ని ముక్కలు ముక్కలుగా విడగొట్టి కింద రాశాను. రాయగడలో ప్రింట్ తీయించుకుని గోడకి అంటించు, ఫోన్‌లో ఉంచితే నువ్వు చూడవని నాకు తెలుసు.

బోర్డు పేపర్ 80 మార్కులకి, మిగతా 20 ఇంటర్నల్. యూనిట్ పక్కన ఉన్న మార్కులు బోర్డు ఇచ్చినవే. చాప్టర్ చాప్టర్‌కీ ఇన్నేసి అని బోర్డు ఎక్కడా చెప్పలేదు, మీ ట్యూషన్‌లో పంచిన కాగితంలో ఉన్నవి వాళ్ల అంచనాలు, అందుకే వదిలేశాను.

కాన్ఫిడెన్స్ 5కి. పుస్తకం మూసి, టైమ్‌లో, తప్పు లేకుండా చేస్తే 5. సాల్వ్ చేసిన లెక్క ఒకటి చూశాక మిగతావి వస్తే 3. ప్రశ్న చదివి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే 1. "క్లాసులో అర్థమైంది అక్కా" అన్నదానికి మార్కు లేదు.

నంబర్ సిస్టమ్స్: 6 మార్కులు
☐ రియల్ నంబర్స్ (ప్రైమ్ ఫ్యాక్టర్లు, √2 ఇర్రేషనల్ అని నిరూపణ): 5

ఆల్జీబ్రా: 20 మార్కులు
☐ పాలినామియల్స్, జీరోలకీ కోఎఫిషియెంట్లకీ సంబంధం: 4
☐ రెండు వేరియబుల్స్ లీనియర్ ఈక్వేషన్స్ (గ్రాఫ్, సబ్‌స్టిట్యూషన్, ఎలిమినేషన్): 4
☐ క్వాడ్రాటిక్: 2. ఫార్ములా వచ్చు, ఫ్యాక్టర్లు వచ్చు, కానీ రైలు వేగం, వయసుల లెక్కలొస్తే ఈక్వేషనే రాయలేవు. ఫోన్‌లో 4 అన్నావు, నేనే తగ్గించాను.
☐ ఏపీ (n-వ పదం, n పదాల మొత్తం): 3

కోఆర్డినేట్ జామెట్రీ: 6 మార్కులు
☐ డిస్టెన్స్ ఫార్ములా, సెక్షన్ ఫార్ములా: 4

జామెట్రీ: 15 మార్కులు
☐ ట్రయాంగిల్స్: 1
☐ సర్కిల్స్: 3
ఇక్కడ కాస్త ఆగి చదువు. సిలబస్‌లో ఒక్కో సిద్ధాంతం ముందు బ్రాకెట్లో Prove అనో Motivate అనో ఉంటుంది, నువ్వు దాన్ని చూసి ఉండవు. Prove అని ఉన్నవి మొత్తం మూడే: త్రిభుజంలో ఒక భుజానికి సమాంతరంగా గీసిన గీత మిగతా రెండు భుజాలనీ ఒకే నిష్పత్తిలో విభజిస్తుందన్నది, టాంజెంట్ రేడియస్‌కి లంబంగా ఉంటుందన్నది, బయటి బిందువు నుంచి గీసిన రెండు టాంజెంట్ల పొడవు సమానమన్నది. AAA, SSS, SAS లాంటివి వాడటం వస్తే చాలు, నిరూపణ బట్టీ పట్టక్కర్లేదు. రోజుకొకటి చొప్పున ఈ మూడూ బొమ్మతో సహా చూడకుండా రాయి.

ట్రిగనామెట్రీ: 12 మార్కులు
☐ రేషియోలు, 30°, 45°, 60° విలువలు: 3
☐ ఐడెంటిటీలు: 1. మూలం `sin²A + cos²A = 1` ఒక్కటే, సిలబస్ కూడా సులువైనవే అడుగుతామంటోంది.
☐ హైట్స్ అండ్ డిస్టెన్సెస్: 2. రెండు లంబకోణ త్రిభుజాలకి మించి రావు. కాగితం మిల్లు చిమ్నీని దృష్టిలో పెట్టుకుని బొమ్మ గీయి, బొమ్మ సరిగ్గా వస్తే సగం లెక్క అయిపోయినట్టే.

మెన్సురేషన్: 10 మార్కులు
☐ సెక్టార్, సెగ్మెంట్ వైశాల్యాలు (సెగ్మెంట్‌కి 60°, 90°, 120° మాత్రమే): 4
☐ రెండు ఘనాకారాలు కలిపిన లెక్కలు: 4

స్టాటిస్టిక్స్, ప్రాబబిలిటీ: 11 మార్కులు
☐ మీన్, మోడ్: 3
☐ మీడియన్: 2. ఫార్ములాలో cf ఏ వరుసది తీసుకోవాలో ప్రతిసారీ తడబడుతున్నావు. మీడియన్ క్లాస్‌కి ముందున్న వరుసది.
☐ ప్రాబబిలిటీ: 4

పెదనాన్న గారబ్బాయి ఇచ్చిన పాత గైడులో కన్‌స్ట్రక్షన్స్, ఓజైవ్, ఫ్రస్టమ్ కనిపిస్తాయి. ఇప్పుడు లేవు, పెన్నుతో కొట్టేయి.

ఇక ఏది ముందు అన్నదానికి ఒక చిన్న లెక్క. యూనిట్‌లోని కాన్ఫిడెన్స్‌ల సగటు తీసి, దగ్గరి అంకెకి సవరించి, ఇలా వేశాను:

```
మార్కులు × (5 − కాన్ఫిడెన్స్)
జామెట్రీ        15 × 3 = 45
ఆల్జీబ్రా       20 × 2 = 40
ట్రిగనామెట్రీ   12 × 3 = 36
స్టాటిస్టిక్స్   11 × 2 = 22
మెన్సురేషన్    10 × 1 = 10
కోఆర్డినేట్     6 × 1 = 6
రియల్ నంబర్స్   6 × 0 = 0
```

ట్రిగనామెట్రీ అంటే నీకు టెన్షన్ కాబట్టి అదే ముందు పట్టుకుంటానన్నావు. లెక్క ప్రకారం అది మూడోది. రియల్ నంబర్స్‌కి సున్నా వచ్చిందని మూసేయకు, వారానికొకసారి రెండు లెక్కలు చేస్తే చాలు. ఆ మూడు నిరూపణలూ వచ్చి జామెట్రీ 3కి చేరితే 45 కాస్తా 30 అవుతుంది, అప్పుడు ఆల్జీబ్రా పైకొస్తుంది, అందులో క్వాడ్రాటిక్ మాటల లెక్కలు.

మార్కు పెంచాలంటే ముందు కొత్త లెక్క ఒకటి చేసి ఫొటో పెట్టు. ఆదివారం నేను బరంపురం నుంచి ఫోన్ చేసినప్పుడు అమ్మని మధ్యలో పెట్టకుండా నువ్వే మాట్లాడు.