విషయం: అకౌంట్స్ అసిస్టెంట్ ఉద్యోగం – మీరు అడిగిన పత్రాలు (6) – కె. సుజాత, విజయనగరం

హెచ్‌ఆర్ మేనేజర్ గారికి,

నమస్కారం. సోమవారం పంపిన ఆఫర్ లెటర్ అందింది, చాలా సంతోషం. అడిగిన పత్రాలు ఇదే వరుసలో జతపరిచాను.

1. పదో తరగతి మార్కుల జాబితా
2. ఇంటర్ మార్కుల జాబితా
3. బీకాం ప్రొవిజనల్ సర్టిఫికెట్, మార్కుల జాబితాలు (ఒకే ఫైలు)
4. ఆధార్ (చివరి 4 అంకెలే కనిపించే ప్రతి), పాన్
5. పాత సంస్థ ఇచ్చిన రిలీవింగ్ లెటర్
6. బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ

ఒక్క విషయం ముందే చెప్పాలి. పదో తరగతి జాబితాలో నా ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్, పాన్‌లలో పూర్తిగా ఉంది. అవసరమైతే నోటరీ అఫిడవిట్ ఇస్తాను. అసలు పత్రాలన్నీ చేరే రోజున తెస్తాను. ఏ ఫైలైనా తెరుచుకోకపోతే దయచేసి తెలపండి, వెంటనే మళ్లీ పంపుతాను.

భవదీయ,
కె. సుజాత