ఈ పవర్ బ్యాంక్ మీ దగ్గరుంటే చార్జింగ్ ఆపేయండి

చార్జింగ్‌లో ఉండగా వేడెక్కి మంటలు రేగే ప్రమాదం ఉందంటూ PB-20K మోడల్ పవర్ బ్యాంకులను తయారీ సంస్థ వెనక్కి తీసుకుంటోంది.

ముందు దాన్ని తిప్పి చూడండి. పోర్టు కింద బూడిదరంగులో సన్నటి అక్షరాలుంటాయి. కళ్లజోడు పెట్టుకున్నా కనపడకపోతే ఫోన్‌తో ఫొటో తీసి జూమ్ చేయండి. సీరియల్ నంబరు K7తో మొదలైతే అది రీకాల్‌లో ఉన్నట్టే. K8 అయితే టెన్షన్ అక్కర్లేదు.

'ఇన్నాళ్లూ బాగానే పనిచేసిందిగా' అనుకోవద్దు. లిథియం అయాన్ సెల్‌లో రెండు ఎలక్ట్రోడ్ల మధ్య పల్చటి పొర ఉంటుంది. అది దెబ్బతిన్నా షార్టయ్యేదాకా బయటికి ఏమీ తెలియకపోవచ్చు. అసలే ఉబ్బి ఉంటే నొక్కకండి, గుచ్చకండి. పరుపులు, కర్టెన్లకు దూరంగా పెట్టండి.

డబ్బు వాపసు కావాలా, కొత్తది కావాలా అన్నది మీ ఇష్టం. సంస్థ వెబ్‌సైట్‌లోని రీకాల్ పేజీలో సీరియల్ నంబరు, ఫొటో ఇస్తే చాలు, బిల్లు అడగరు. పాతదాన్ని మామూలు కొరియర్‌లో పంపొద్దు, చెత్తబుట్టలో వేయొద్దు. సర్వీస్ సెంటర్‌లోనే ఇవ్వండి. రిఫండ్ పేరుతో ఫోన్ చేసి ఓటీపీ అడిగితే అది మోసమే.

వేరేవాళ్లకు బహుమతిగా ఇచ్చి ఉంటే, వాళ్లకూ ఓ మాట చెప్పండి.