యాసిడ్-బేస్ టైట్రేషన్ వైవా: ప్రశ్నలు, జవాబులు

ప్రయోగం: 0.05 M ఆక్సాలిక్ ఆమ్లంతో NaOH మొలారిటీ కనుక్కోవడం. బ్యూరెట్‌లో NaOH, ఫ్లాస్క్‌లో 10 మి.లీ. ఆమ్లం, ఇండికేటర్ ఫినాఫ్తలీన్.

ప్ర: NaOHతోనే ప్రమాణ ద్రావణం చేయొచ్చు కదా, ఆక్సాలిక్ ఆమ్లం ఎందుకు?
జ: NaOH గాల్లోని తేమను, కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది సార్. తూస్తుండగానే బరువు మారిపోతుంది కాబట్టి తూచినదంతా NaOH అని నమ్మలేం. ఆక్సాలిక్ ఆమ్లం స్ఫటికాలు స్థిరంగా ఉంటాయి, శుద్ధంగా దొరుకుతాయి.

ప్ర: 250 మి.లీ.కి ఎంత తూచారు?
జ: 1.575 గ్రాములు. అణుభారం 126 తీసుకోవాలి, ఎందుకంటే స్ఫటికంలో రెండు నీటి అణువులు కూడా ఉన్నాయి. (90 అన్నారంటే తర్వాతి ప్రశ్న దాని మీదే వస్తుంది.)

ప్ర: బ్యూరెట్‌ను NaOHతో కడిగారు, ఫ్లాస్క్‌ను మాత్రం నీళ్లతోనే. ఎందుకు?
జ: బ్యూరెట్‌లో నీటి చుక్కలు మిగిలితే NaOH పలచబడి రీడింగ్ పెరుగుతుంది. ఫ్లాస్క్‌లో నీళ్లున్నా పర్వాలేదు, పిపెట్‌తో పోసిన ఆమ్లం మోల్‌లు మారవు. అదే ఫ్లాస్క్‌ను ఆమ్లంతో కడిగితే గోడలకు అంటుకున్న ఆమ్లం కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. ఈ జవాబును కారణంతో సహా చెప్పండి, ప్రయోగం అర్థమైందో లేదో ఇక్కడే తెలిసిపోతుంది.

ప్ర: పిపెట్ చివర మిగిలిన చుక్క?
జ: ఊదకూడదు. దాన్ని వదిలేసే పిపెట్‌పై గుర్తు పెడతారు.

ప్ర: మిథైల్ ఆరెంజ్ వాడితే ఏమవుతుంది?
జ: ఆక్సాలిక్ బలహీన ఆమ్లం, NaOH బలమైన క్షారం, కాబట్టి తటస్థీకరణ పూర్తయ్యేసరికి ద్రావణం pH 7 కన్నా పైన ఉంటుంది. ఫినాఫ్తలీన్ సుమారు 8.2–10 మధ్య మారుతుంది, సరిపోతుంది. మిథైల్ ఆరెంజ్ 3.1–4.4 మధ్యే, అంటే ఆమ్లం ఇంకా మిగిలుండగానే, అదీ నెమ్మదిగా మారిపోతుంది.

ప్ర: ఇండికేటర్ రెండు చుక్కలే ఎందుకు?
జ: అది కూడా బలహీన ఆమ్లమే, ఎక్కువైతే కొంత NaOHని అదే వాడేసుకుంటుంది.

ప్ర: ఎండ్ పాయింట్ ఎలా గుర్తించారు?
జ: ఒక్క చుక్కతో లేత గులాబీ రంగు వచ్చి, ఫ్లాస్క్ తిప్పాక కూడా అర నిమిషం నిలిచింది. ముదురు గులాబీ అయితే దాటిపోయినట్టే. కాసేపటికి రంగు పోతే కంగారు పడనవసరం లేదు, గాల్లోని కార్బన్ డయాక్సైడ్ కరిగి pH తగ్గుతుంది, అంతే. మళ్లీ NaOH కలపకూడదు.

ప్ర: బ్యూరెట్ ముక్కులో గాలి బుడగ ఉంటే?
జ: మధ్యలో అది బయటికి వచ్చేస్తే ఆ ఖాళీని ద్రావణం నింపుతుంది. ఫ్లాస్క్‌లో పడనిది కూడా రీడింగ్‌లో కలిసి, మొలారిటీ తక్కువగా వస్తుంది.

ప్ర: మీ ఫలితం?
జ: రీడింగ్‌లు 10.4, 10.2, 10.2 వచ్చాయి, ఒకేలా వచ్చిన 10.2 తీసుకున్నాను.

H₂C₂O₄ + 2NaOH → Na₂C₂O₄ + 2H₂O

ఒక మోల్ ఆమ్లానికి రెండు మోల్‌ల NaOH కాబట్టి 2 × 0.05 × 10 ÷ 10.2 = 0.098 M. ఆ 2 మర్చిపోతే జవాబు సగమే వస్తుంది.